నోరు తగిలే చోటు, ఊపిరి తెగే చోటు

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఖాళీ ఉన్నప్పుడు ఆడియో కోసం తెలుగులో కథలు, చిన్న చిన్న స్క్రిప్టులు రాస్తుంటాను. అందరూ చెప్పినట్టే రాసింది గట్టిగా చదివి చూసుకుంటున్నాను. నాకు ఎక్కడా అడ్డు తగలదు. కానీ స్టూడియోలో చదివేవాళ్లు మాత్రం తడబడుతున్నారు, ఊపిరి అందడం లేదంటున్నారు. గట్టిగా చదివేటప్పుడు అసలు దేనికోసం చూడాలి?

మీ వాక్యం మీకు ముందే తెలుసు కాబట్టి మీ నోరు తడబడదు. ఆ పరిచయాన్ని వీలైనంత తీసేసి చదవాలి. రాసిన రోజున చదవకండి, కనీసం రెండు రోజులు ఆగండి. తర్వాత పూర్తి గొంతుతో, భావం ఏమీ కలపకుండా, మామూలు కన్నా కొంచెం వేగంగా చదవండి. చదువుతూ దిద్దవద్దు, పెన్సిల్‌తో గుర్తులు మాత్రం పెట్టండి. అదే సమయంలో ఫోన్‌లో రికార్డు చేసి, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో తర్వాత విని పట్టుకోండి. చూడాల్సినవి మూడే: నాలుక తడబడిన చోటు, నోరు ఒక అచ్చును మింగేసిన చోటు, ఊపిరి అయిపోయి చివరి మాట నీరసపడిన చోటు. తెలుగులో ఈ మూడోదే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

నేను చెన్నైలో సాలిగ్రామం వైపు స్టూడియోలకు ఇరవై ఏళ్లకు పైగా తెలుగు స్క్రిప్టులు రాస్తున్నాను. ఎక్కువగా డాక్యుమెంటరీలు, ఆడియో గైడ్లు, కంపెనీల శిక్షణ వీడియోలు. బూత్‌లో చదివేవాళ్లు వేరు, రాసేది నేను. అందుకే మీరు చెప్పిన ఇబ్బంది నాకు బాగా తెలుసు.

ముందుగా, మనకు మనం చదువుకుంటే ఎందుకు దొరకదో చూడండి. పైకి చదివేటప్పుడు కన్ను ఎప్పుడూ నోటికన్నా కొన్ని మాటలు ముందు ఉంటుంది. కొత్తవాడికి ఆ ముందున్న మాటలు నిజంగా కొత్తవి. రాసినవాడికి వాక్యం ఎక్కడికి వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసు. అందుకని ముందుగానే నిండా గాలి తీసుకుంటాడు, కష్టమైన మాట దగ్గర తెలియకుండానే నెమ్మదిస్తాడు. పైగా మనం మన రచనను నటిస్తూ చదువుతాం. ఒక మాటను ఒత్తి పలుకుతాం, ఒక చోట నాటకీయంగా ఆగుతాం. ఆ ఆగడంలో దొంగతనంగా గాలి అందుతుంది, వాక్యంలోని లోపం దాక్కుంటుంది. అందుకే భావం కలపకుండా చదవమన్నాను. రైల్వే స్టేషన్‌లో ప్రకటన చదివినట్టు, సమానంగా.

గుసగుసగా చదివితే కూడా లాభం లేదు. గుసగుసలో కంఠం పలకదు కాబట్టి క, గ లాంటి జంటల మధ్య తేడా సగం పోతుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక నోట్లో నోట్లో చదువుకునేవాళ్లు చాలామంది ఉంటారు. మేడమీదికి వెళ్లి చదవండి, లేదా ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని చదవండి. గొంతు పూర్తిగా తెరవాలి.

ఇక గుర్తుల సంగతి. తడబడిన మాట కింద గీత గీయండి, అంతే. ఆగి ఆలోచించకండి. మొత్తం అయ్యాక మళ్లీ మొదటి నుంచి చదవండి. రెండోసారి కూడా అదే చోట తడబడితే తప్పు వాక్యానిది. ఒక్కసారే తడబడితే అది మీ నోటిది, వదిలేయండి. ఈ నియమం లేకపోతే మనిషి ప్రతి గీతనూ దిద్దుకుంటూ పోయి, బాగున్న వాక్యాలను కూడా చప్పగా చేసేస్తాడు. నేను మొదట్లో అలా కొన్ని మంచి పేరాలు పాడుచేసుకున్నాను.

నాలుక ఎక్కడ తడబడుతుంది

ఒకే శబ్దం పదిసార్లు వస్తే నాలుకకు కష్టం కాదు. దగ్గరి దగ్గరి శబ్దాలు రెండు మారి మారి వస్తే కష్టం. చిన్నప్పుడు మనందరం ఆడుకున్న 'లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా' తీసుకోండి. అందులో క్ష ఒకచోట ఒంటరిగా వస్తుంది, ఒకచోట యావత్తుతో, ఇంకోచోట మావత్తుతో వస్తుంది. ముందు ల, భ మారుతుంటాయి. నోరు ఒక దారి అలవాటు చేసుకునేలోపే దారి మారిపోతుంది. 'ఎర్ర లారీ, తెల్ల లారీ' అని వేగంగా అనలేకపోవడానికి కారణం కూడా ర, ల ఒకదాని వెంట ఒకటి రావడమే.

మన మామూలు రాతలో ఇలాంటి జంట ఒకటి ఎప్పుడూ పొంచి ఉంటుంది: ల, ళ. లకు నాలుక కొన పళ్ల వెనకాల ఆనుతుంది, ళకు వెనక్కి మడుచుకుని పైన ఆనుతుంది. తెలుగులో బహువచనం 'లు' కాబట్టి, అది కొన్ని మాటల్లో 'ళ్లు' అవుతుంది కాబట్టి, ఈ రెండూ పక్కపక్కన పడటం చాలా మామూలు. 'పిల్లల కళ్లల్లో నీళ్లు' అనే మూడు మాటలు కాగితం మీద ఎంత హాయిగా ఉన్నాయో చూడండి. వేగంగా మూడుసార్లు అనండి. బూత్‌లో అది 'కల్లల్లో నీల్లు' అయిపోతుంది, వినేవాళ్లకు అది పల్లెయాసలాగానో, నిర్లక్ష్యంలాగానో వినిపిస్తుంది. దీనికి మందు సులువు: మధ్యలో వేరే రకం మాట ఒకటి పడాలి, లేదా ఒక బహువచనం ఏకవచనం కావాలి. 'పిల్లల కంట నీరు' అంటే చాలు.

సంస్కృతం మాటల్లోని సంయుక్తాక్షరాల విషయంలో నా అనుభవం మీరు ఊహించేదానికి కొంచెం వేరుగా ఉంటుంది. 'నిర్ద్వంద్వంగా' అనే మాట చూస్తే భయం వేస్తుంది గానీ, చదివేవాళ్లు దాన్ని దూరం నుంచే చూసి సర్దుకుంటారు, చక్కగా పలుకుతారు. పట్టుకునేది చిన్నవి. 'ప్రక్రియ' అనేది పెద్ద మాటేమీ కాదు. కానీ రెండు రావత్తులు పక్కపక్కన ఉండటం వల్ల నోరు ఒకదాన్ని వదిలేసి 'పక్రియ' అంటుంది. దాని ముందు 'ప్రత్యక్ష ప్రసార' అని చేర్చి 'ప్రత్యక్ష ప్రసార ప్రక్రియ ప్రారంభం' అని రాస్తే, నాలుగింటిలో ఎక్కడో ఒకచోట రావత్తు జారిపోవడం దాదాపు ఖాయం. 'నేరుగా చూపించడం మొదలైంది' అంటే సరిపోయే చోట ఈ నాలుగు మాటలు ఎందుకు? కష్టమైన మాట ఒకటి ఒంటరిగా ఉంటే ఉండనివ్వండి. అలాంటిదే మరొకటి దాని పక్కన చేరినప్పుడే దిద్దండి.

కాగితం మీద కనిపించని సంయుక్తాక్షరాలు

దీన్ని పైకి చదివితే తప్ప పట్టుకోలేం. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి, రాతలో మధ్యలో కూడా అచ్చులు నిండుగా ఉంటాయి. కానీ మాట్లాడేటప్పుడు మధ్యలో ఉన్న పొట్టి 'ఉ'ని, 'ఇ'ని మనం మింగేస్తాం. 'మొదలుపెట్టింది' అని రాస్తాం, 'మొదల్పెట్టింది' అంటాం. 'అడుగుతున్నాడు' అని రాస్తాం, నోట్లో 'అడుగ్తున్నాడు' అవుతుంది. 'కుదిరింది' కాస్తా 'కుద్రింది' అవుతుంది. అంటే కాగితం మీద లేని గ్త, ల్ప, ద్ర లాంటి జంటలు నోట్లో పుడుతున్నాయి. ఒక్కొక్కటి విడిగా వస్తే ఇబ్బంది లేదు. 'అడుగుతుండగానే పరిగెడుతున్నవాళ్లు తిరుగుతున్నారు' లాంటి వాక్యంలో అవి వరసగా వస్తాయి. చదివేవాళ్లు ప్రతి అచ్చునూ నిలబెట్టి పలికితే బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. మింగితే హల్లులన్నీ ఒకదాని మీద ఒకటి పడి మాట ముద్దవుతుంది. ఎలా చదివినా వాళ్లకు చిక్కే.

రికార్డింగ్ వింటూ రాతను కన్నుతో అనుసరించండి. రాసిన అచ్చు వినపడని చోటల్లా చిన్న చుక్క పెట్టండి. ఒకే లైనులో మూడు చుక్కలు పడితే ఆ లైను మార్చాలి. చాలాసార్లు కారణం 'తున్నా' రూపాలే అయి ఉంటాయి. జరిగిపోయిన విషయానికి 'అడుగుతున్నాడు' బదులు 'అడిగాడు' అని రాస్తే చిక్కు విడిపోతుంది, కథ నడక కూడా చురుగ్గా ఉంటుంది.

ఇక్కడ చెన్నై గురించి ఒక మాట. ఇక్కడే పుట్టి, తమిళంలో చదువుకున్న తెలుగువాళ్లు మంచి గొంతులతో చాలామంది ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు రాక స్క్రిప్టును తమిళ లిపిలో రాసుకుని చదివేవాళ్లతో కూడా నేను పనిచేశాను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. అంటే 'కథ', 'గద' రెండూ వాళ్ల కాగితం మీద ఒక్కలాగే ఉంటాయి. సందర్భాన్ని బట్టి వాళ్లు తేల్చుకోవాలి. అలాంటివాళ్లు చదువుతారని తెలిస్తే, అలాంటి మాటలు రెండు పక్కపక్కన పడకుండా చూస్తాను. మీ నోటికి ఏది తేలికో అది చదివేవాళ్ల నోటికి తేలిక కాకపోవచ్చు. చదివేవాళ్లు ఎవరో ముందే కనుక్కోండి.

ఊపిరి అందని వాక్యం

మనం గాలి వదులుతూ మాట్లాడతాం. గాలి తగ్గే కొద్దీ గొంతు కిందికి దిగుతుంది, శబ్దం పలచబడుతుంది. ఇది అన్ని భాషలవాళ్లకూ ఉన్నదే. కానీ తెలుగులో క్రియ చివర వస్తుంది. 'లేదు', 'కాదు', 'కూడదు', 'వద్దు' అన్నీ చివరే ఉంటాయి. అంటే వాక్యం అవునో కాదో తేల్చే మాట సరిగ్గా ఊపిరి అడుగంటిన చోట పడుతుంది. వినేవాళ్లు వాక్యమంతా విని, అసలు మాట దగ్గర ఏమీ వినలేకపోతారు. ఊపిరాడని వాక్యం నాకు వినసొంపు సమస్యగా కన్నా అర్థం సమస్యగా కనిపించేది అందుకే.

ఎంత పొడుగు ఎక్కువ? నేను మాటలు లెక్కపెట్టను, ఎందుకంటే మన మాటలు ఒకటి రెండక్షరాలు ఉంటే ఇంకొకటి పదక్షరాలు ఉంటుంది. అక్షరాలు లెక్కపెడతాను, పద్యానికి లెక్కపెట్టినట్టే, ఒత్తుతో సహా ఒక అక్షరంగా. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, ఉత్పలమాల, మత్తేభాలకు 20, చంపకమాలకు 21. ఒక పాదాన్ని ఒక ఊపిరిలో చదవడం ఎవరికైనా హాయిగా ఉంటుంది. మామూలు వచనం చదివేటప్పుడు నా లెక్క ఇది: ఒక ఊపిరికి 25 నుంచి 30 అక్షరాలు. అది దాటితే ఊపిరి తీసుకోవడానికి వాక్యంలోనే చోటు ఉండాలి.

ఈ లెక్కలో అంకెలు మోసం చేస్తాయి. 1,37,482 అని రాస్తే కంటికి చిన్న ముక్క. పైకి చదివితే 'ఒక లక్షా ముప్పై ఏడు వేల నాలుగు వందల ఎనభై రెండు', 21 అక్షరాలు. సరిగ్గా ఒక చంపకమాల పాదమంత. అది ఉన్న వాక్యంలో ఇంకేమీ పట్టదు. అందుకే చదివేందుకు ఇచ్చే కాపీలో అంకెలన్నీ అక్షరాల్లో రాయండి. ఎంత చోటు తింటాయో అప్పుడే కనిపిస్తుంది.

అయితే పొడుగే అసలు దోషం కాదు. 'అమ్మ పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, పాలు కాచి, మమ్మల్ని లేపేది' అనే వాక్యాన్ని ఇంకా నాలుగు పనులు చేర్చి సాగదీసినా ఎవరికీ ఊపిరి తెగదు. 'లేచి', 'ఊడ్చి', 'పెట్టి' తర్వాత ఎక్కడైనా ఆగవచ్చు. వినేవాళ్లు కూడా అక్కడి వరకు అర్థం చేసేసుకుంటారు. 'అయితే', 'కాబట్టి', 'అని' తర్వాత కూడా అంతే. ఊపిరి తెగేది 'కట్టించిన', 'వచ్చిన', 'ఉన్న' లాంటి మాటలు వరస కట్టినప్పుడు. వీటికి తర్వాత వచ్చే నామవాచకం కావాలి. 'కట్టించిన' అని ఆగితే వినేవాళ్లు 'ఏది?' అని వేలాడుతుంటారు. 'కట్టించిన'కూ 'గుడి'కీ మధ్య ఊపిరి తీయకూడదు. అలాంటివి మూడు ఒకే నామవాచకం ముందు చేరితే, చదివేవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా ఆగే చోటే ఉండదు.

చాలామంది అక్కడ కామా పెట్టి ఊరుకుంటారు. కామా వల్ల ఊపిరి దొరుకుతుంది గానీ వాక్యం విరిగిపోతుంది. ఇది నా సొంత స్క్రిప్టులోనే జరిగింది, వివరంగా చెబుతాను.

మహాబలిపురం చూడటానికి వచ్చే తెలుగు యాత్రికుల కోసం ఒక ఆడియో గైడ్ రాయించుకున్నారు. తీర దేవాలయం దగ్గర వినిపించే ముక్కలో నేను ఇలా రాశాను:

'ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో పల్లవ రాజు రెండో నరసింహవర్మ కట్టించిన, శతాబ్దాలుగా ఉప్పుగాలి తాకిడికి అరిగిపోయిన శిల్పాలున్న గోడలతో సముద్రం ఒడ్డున నిలిచిన ఈ తీర దేవాలయం గోడల మీద చేతులు పెట్టడం గానీ, రాళ్ల మీదికి పిల్లలను ఎక్కించడం గానీ చేయకూడదు.'

ఇంట్లో గట్టిగా చదివాను. హాయిగా వెళ్లిపోయింది, ఎందుకంటే చరిత్ర మీద నాకున్న ఇష్టంతో నటిస్తూ చదివాను. బూత్‌లో చదివిన ఆవిడ నెల్లూరు వైపు మనిషి, చాలా అనుభవం ఉన్నావిడ. మొదటి టేక్‌లో 'కట్టించిన' తర్వాత కామా చూసి ఊపిరి తీసుకున్నారు. వినడానికి అక్కడ వాక్యం అయిపోయినట్టు ఉంది. రెండో టేక్‌లో అక్కడ ఆగకుండా 'దేవాలయం' దాకా వెళ్లారు, ఆ తర్వాత గాలి లేదు. రికార్డిస్టు తమిళాయన, తెలుగు బొత్తిగా రాదు. ఆయనే టేక్ ఆపి, చివరి మాట తెర మీద సన్నటి గీతలాగా ఉంది, ఏమీ వినపడటం లేదన్నారు. ఆ చివరి మాట 'చేయకూడదు'. అందులోనూ 'కూడదు'. ఆ ఒక్కటీ వినకపోతే, గోడల మీద చేతులు పెట్టడం గురించీ పిల్లలను ఎక్కించడం గురించీ ఏదో చెప్పారని మాత్రమే యాత్రికులకు తెలుస్తుంది.

ఆ రోజు బూత్ బయట కూర్చుని అక్షరాలు లెక్కపెట్టాను. మొత్తం 106. 'దేవాలయం' దాకానే 73. ఆ 73 అక్షరాల్లో 'కట్టించిన', 'అరిగిపోయిన', 'ఉన్న', 'నిలిచిన' అని నాలుగు వేలాడే మాటలు ఉన్నాయి. పద్ధతిగా ఆగగల చోటు ఒక్కటీ లేదు.

దిద్దడానికి నేను చేసిన మొదటి పని, వేలాడే ప్రతి మాటనూ పూర్తి క్రియ చేయడం. 'కట్టించిన' కాస్తా 'కట్టించాడు' అయితే అక్కడ వాక్యం ముగుస్తుంది, ఊపిరి వస్తుంది. రెండోది, హెచ్చరికను చరిత్ర నుంచి విడదీయడం. అది విడి వాక్యంగా, నిండు ఊపిరితో మొదలు కావాలి. అప్పుడు ఇలా వచ్చింది:

'ఇది తీర దేవాలయం. ఎనిమిదో శతాబ్దం మొదట్లో, పల్లవ రాజు రెండో నరసింహవర్మ దీన్ని కట్టించాడు. దాదాపు పదమూడు వందల ఏళ్లుగా ఉప్పుగాలికి శిల్పాలు అరుగుతున్నాయి. గోడల మీద చేతులు పెట్టకండి. పిల్లలను రాళ్ల మీదికి ఎక్కించకండి.'

అన్నిటికన్నా పొడుగైన వాక్యం 29 అక్షరాలు, అదీ మధ్యలో 'మొదట్లో' దగ్గర ఆగగలిగేది. చివరి రెండూ 12, 14. 'తొలినాళ్లలో' అన్న మాటలో ల, ళ కలిసి ఉన్నాయని 'మొదట్లో'గా మార్చాను.

ఆవిడ చదివారు. అంతా బాగుంది, చివరి వాక్యంలో తప్ప. 'పిల్లలను రాళ్ల' దగ్గర రెండుసార్లు తడబడ్డారు. ల్ల, ల, ర, ళ్ల వరసగా పడ్డాయి. తమాషా ఏమిటంటే నా మొదటి డ్రాఫ్టులో ఈ ఇబ్బంది లేదు. అందులో 'రాళ్ల మీదికి పిల్లలను' అని ఉంది, మధ్యలో 'మీదికి' అడ్డంగా ఉండి నాలుకకు సర్దుకునే వ్యవధి ఇచ్చింది. ఊపిరి కోసం దిద్దుతూ మాటల వరస మార్చి కొత్త చిక్కు తెచ్చాను. మళ్లీ పాత వరసే పెట్టి 'రాళ్ల మీదికి పిల్లల్ని ఎక్కించకండి' అన్నాను. ఒకే టేక్‌లో అయిపోయింది. అందుకే దిద్దిన తర్వాత మళ్లీ పైకి చదవాలి, దిద్దిన వాక్యాన్నే కాదు, దాని ముందు వెనక వాక్యాలతో కలిపి. చిక్కులు చాలావరకు అతుకుల దగ్గరే పుడతాయి.

మీ స్క్రిప్టులో ఈ దోషాన్ని కనిపెట్టడం ఇలా. రికార్డింగ్ వింటూ, మీరు ఊపిరి తీసుకున్న ప్రతి చోటా కాగితం మీద నిలువు గీత పెట్టండి. చదువుతూ పెట్టవద్దు. అప్పుడు ఊపిరి మీద ధ్యాస పడి సహజంగా రాదు. తర్వాత గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. పూర్తి క్రియ తర్వాత, 'చి', 'తే', 'అని' తర్వాత పడితే వాక్యం ఆరోగ్యంగా ఉన్నట్టే. 'న'తో ముగిసే మాటకూ దాని నామవాచకానికీ మధ్య పడితే ఆ వాక్యం విప్పాలి. ఇక చివరి మాటలు మాత్రమే మళ్లీ వినండి. కళ్లు మూసుకుని, అది 'ఉంది'నా, 'లేదు'నా అని వెంటనే చెప్పలేకపోతే, ఊపిరి గీత ఎక్కడున్నా సరే, వాక్యాన్ని కుదించాలి.

దిద్దకూడని చోట్లు కూడా ఉన్నాయి. కథలో పాత్ర పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతూ చెబుతుంటే, ఊపిరి తెగే వాక్యమే సరైన వాక్యం. అక్కడ స్క్రిప్టు పక్కన 'ఆయాసంగా, ఒకే ఊపిరిలో' అని రాసిపెట్టండి, చదివేవాళ్లు ముందే సిద్ధమవుతారు. పేర్లను కూడా మార్చలేం. మహాబలిపురం దగ్గరే తిరుక్కళుకుండ్రం అనే ఊరుంది. ఆ పేరును తెలుగు నోరు మొదటిసారి పట్టుకోవడం కష్టం. దాన్ని వాక్యం మొదట్లో, కొత్త ఊపిరి మీద పెట్టాను. 'తిరుక్కళుకుండ్రంలోని కొండమీదున్న' అని తగిలించకుండా, 'తిరుక్కళుకుండ్రం అనే ఊరు. అక్కడ కొండమీద ఒక గుడి ఉంది' అని విడగొట్టాను. కష్టమైన పేరు చుట్టూ తేలిక మాటలు ఉంటే చాలు.

మీరు కథలు రాస్తారు కాబట్టి ఒకటి అదనంగా చెప్పాలి. అన్ని వాక్యాలనూ 12, 14 అక్షరాలకు కోసేయకండి. ఆడియో గైడ్‌లో నిలబడి వినేవాడికి అది సరిపోతుంది. కథలో వరసగా పది పొట్టి వాక్యాలు వస్తే చదివేవాళ్లకు ఊపిరి కష్టం ఉండదు గానీ, ప్రతి చుక్క దగ్గరా గొంతు దిగి దిగి విసుగ్గా ఉంటుంది. 'చి, చి' అంటూ సాగే పొడుగు వాక్యం కథకు ప్రాణం. మన ఇళ్లలో పెద్దవాళ్లు కథ చెప్పేది అలాగే. అలాంటివి ఉంచుకుని, వేలాడే మాటలున్నవే విప్పండి.

పది నిమిషాల స్క్రిప్టుకు ఈ పని అంతా చేయడానికి నాకు గంటన్నర పడుతుంది. ఇప్పటికీ నా ఒక్కడి చదువుతో సరిపెట్టను. వీలైతే స్క్రిప్టు ఎన్నడూ చూడనివాళ్ల చేత ఒక పేజీ చదివిస్తాను. మీకు బెంగళూరులో తెలుగు చదవగల ఆఫీసు స్నేహితులు ఉండే ఉంటారు. చదవడానికి ముందు కథ గురించి ఏమీ చెప్పకండి, చదివాక 'ఎలా ఉంది' అని అడగకండి. మొహమాటానికి బాగుందంటారు. ఇంకో కాపీ చేతిలో పెట్టుకుని, వాళ్లు తడబడిన చోట గీత, ఊపిరి తీసిన చోట నిలువు గీత పెడుతూ మౌనంగా వినండి. తర్వాత ఆ కాపీని మీ గుర్తులున్న కాపీ పక్కన పెట్టి చూడండి. వాళ్ల కాపీలో ఉండి మీ కాపీలో లేని గీతల దగ్గరే మీ స్టూడియోవాళ్లు తడబడుతున్నారు.